గిరాకీ లేని నెలల్లో అద్దె తగ్గించమని భవన యజమానికి రాసే ఉత్తరం: తరచుగా అడిగే ప్రశ్నలు

దుకాణం అద్దెకు తీసుకుని నడిపేవారు, గిరాకీ పడిపోయే రెండు మూడు నెలలకు అద్దె తగ్గించమని యజమానికి ఉత్తరం రాయబోయేటప్పుడు ఇంచుమించు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు. లెక్కలు చెప్పిన చోటల్లా నెల అద్దెను 100గా తీసుకున్నాం. మీ అద్దె ఎంతైనా అదే నిష్పత్తిలో మార్చుకుంటే సరిపోతుంది.

## ఉత్తరం రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నా వ్యాపారంలో ప్రతి ఏడూ ఈ నెలల్లో గిరాకీ తగ్గుతుంది. దాన్ని చూపించి అద్దె తగ్గించమని అడగవచ్చా?

అడగవచ్చు, కానీ ఏమి అడుగుతున్నారో ముందు మీకే స్పష్టంగా ఉండాలి. గిరాకీ తగ్గడంలో రెండు రకాలున్నాయి. మొదటిది ఏటా వచ్చేది. ఏడాది మొత్తం మీద దుకాణానికి లాభమే ఉంటుంది, కానీ ఆ రెండు మూడు నెలల్లో చేతిలో డబ్బు ఆడదు. ఇది నష్టం కాదు, డబ్బు వచ్చే వేళకూ కట్టవలసిన వేళకూ కుదరకపోవడం. దీనికి తగిన కోరిక వాయిదా, అంటే ఈ నెలల్లో కొంత తక్కువ కట్టి, గిరాకీ ఉన్న నెలల్లో ఆ మొత్తాన్ని తిరిగి కట్టడం. రెండోది అనుకోకుండా వచ్చిపడేది. దుకాణం ముందు రోడ్డు తవ్వడం, పక్కనున్న కార్యాలయం తరలిపోవడం, భవనానికి మరమ్మతులు జరుగుతూ ముఖద్వారం మూతపడటం వంటివి. అలా పోయిన అమ్మకాలు తర్వాత తిరిగి రావు. ఇటువంటి నష్టంలో కొంత భాగానికి మాఫీ అడగడం న్యాయంగా ఉంటుంది.

ఉత్తరాలు ఎక్కువగా తిరస్కారానికి గురయ్యేది ఇక్కడే. ఏటా వచ్చే తగ్గుదలకు మాఫీ అడిగితే, ఒప్పందం మీద సంతకం చేసిననాడే ఈ సంగతి తెలుసు కదా అని యజమాని అంటారు, ఆ మాటకు జవాబు ఉండదు. మీకు రెండు కారణాలూ కలిసి వచ్చి ఉంటే వాటిని విడదీసి, ఒకదానికి వాయిదా, మరొకదానికి మాఫీ అని రాయండి.

ఆయనతో మంచి పరిచయం ఉంది. నోటితో అడిగితే సరిపోదా?

ముందు నోటితో చెప్పడమే మర్యాద. ఉత్తరం ఒక్కసారిగా చేతికి వస్తే అది నోటీసులా కనిపిస్తుంది. కానీ మాటతోనే ఆపేయకండి. చాలా భవనాలకు ఒక్కరే యజమాని ఉండరు. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి కావచ్చు, అద్దె లెక్కలు కొడుకో కూతురో చూస్తుండవచ్చు, భవనం మీద బ్యాంకు అప్పు ఉండవచ్చు. మీరు ఆయనకు చెప్పిన మాటలను ఆయన ఇంకొకరికి చెప్పవలసి వస్తుంది. అప్పుడు మీ నెలలు, మీ అంకెలు, తిరిగి కడతానన్న మాట సగం మారిపోతాయి. ఆయన ఎవరి ముందైనా పెట్టగలిగే కాగితం ఒకటి ఉంటే మీ కోరిక మీరు చెప్పినట్టే చేరుతుంది.

ఉత్తరం ఎప్పుడు ఇవ్వాలి? ఇప్పటికే ఒక నెల అద్దె బకాయి పడితే అడగవచ్చా?

తగ్గింపు మొదలుకావలసిన నెలకు ఇంచుమించు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఇవ్వడం మంచిది. యజమాని తన ఖర్చులను, ముఖ్యంగా బ్యాంకు వాయిదాలను, సర్దుకోవడానికి ఆ వ్యవధి అవసరం. బకాయి లేనప్పుడు రాసిన ఉత్తరం సర్దుబాటు కోసం చేసిన మనవి. బకాయి పడ్డాక రాసినది ఎంత బాగా రాసినా సంజాయిషీలాగే చదువుతారు.

బకాయి ఇప్పటికే ఉంటే దాన్ని దాచకండి. ఉత్తరం మొదటి పేరాలోనే ఎంత బకాయి ఉందో, అది ఏ తేదీలోగా కడతారో రాసి, ఆ తర్వాతే రాబోయే నెలల సంగతికి వెళ్లండి. పాత బకాయినీ కొత్త తగ్గింపునూ ఒకే మొత్తంగా కలిపితే ఏది దేనికో తేలక రెండూ ఆగిపోతాయి.

ఉత్తరం రాసే ముందు అద్దె ఒప్పందంలో ఏమేమి చూసుకోవాలి?

నాలుగు సంగతులు చూడండి. ఒప్పందాన్ని మార్చాలంటే ఇద్దరి సంతకాలతో లిఖితపూర్వకంగా ఉండాలన్న షరతు ఉందా అన్నది మొదటిది. ఉంటే, యజమాని ఫోనులో సరే అన్నంత మాత్రాన చాలదు. రెండోది, ఆలస్యమైన అద్దె మీద వడ్డీ లేదా జరిమానా ఎంత అన్నది. వాయిదా పడిన భాగానికి అది వర్తించదని తర్వాత రాయించుకోవలసి ఉంటుంది. మూడోది, ఒప్పందం గడువు ఎప్పుడు ముగుస్తుంది, అద్దె పెంపు ఎప్పుడు వస్తుంది అన్నది. వాయిదా మొత్తం తీరకముందే గడువు ముగిసేటట్లయితే యజమాని ఒప్పుకోవడం కష్టం. నాలుగోది, ఉత్తరాలు ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో పంపాలని రాసి ఉందన్నది. ఒప్పందానికి ఎవరైనా పూచీ ఉండి ఉంటే వారికీ ముందే చెప్పండి. మార్పు కాగితం మీద వారి సంతకం కూడా కావాలని యజమాని అడగవచ్చు.

## ఎంత అడగాలో తేల్చుకునేటప్పుడు

ఎంత తగ్గించమని అడగాలో లెక్క ఎలా వేయాలి?

ఊహించిన అంకె రాయకండి. అన్నిటికన్నా తక్కువ అమ్మకాలుండే నెలలో, సరుకు కొన్న ధర పోగా మిగిలే స్థూల లాభం నుంచి, దుకాణం తలుపు తెరిచి ఉంచడానికి తప్పనిసరైన ఖర్చులు తీసేయండి. మిగిలినదే ఆ నెలలో మీరు నిజంగా కట్టగల అద్దె.

ఒక బట్టల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నెల అద్దె 100. ఏడాది సగటు చూస్తే నెలకు 800 అమ్మకాలు జరుగుతాయి, అంటే అద్దె అమ్మకాల్లో ఎనిమిదో వంతు. గత ఏడాది జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమ్మకాలు వరుసగా 550, 500, 600. ఇది ఏటా వచ్చే తగ్గుదల. ఈ ఏడాది అక్టోబరు చివర దుకాణం ముందు రోడ్డు తవ్వారు. నవంబరు మొదటి మూడు వారాల అమ్మకాలు గత ఏడాది అదే మూడు వారాలకంటే అయిదో వంతు తగ్గాయి. పనులు మార్చి దాకా సాగుతాయని తెలుస్తోంది. కనుక రాబోయే మూడు నెలలకూ అయిదో వంతు తగ్గించి అంచనా వేస్తే 440, 400, 480 వస్తాయి.

ఫిబ్రవరి అన్నిటికన్నా కష్టమైన నెల. నూటికి 30 స్థూల లాభం అనుకుంటే 400 అమ్మకాల మీద 120 మిగులుతుంది. పనివారి జీతాలు, కరెంటు కలిపి 70. ఇక అద్దెకు ఉండేది 50. ఇందువల్ల ఆ దుకాణం అడగవలసింది మూడు నెలలపాటు సగం అద్దె.

ఇప్పుడు ఆ తగ్గే 50ని విడదీయాలి. రోడ్డు వల్ల అదనంగా పోయే అమ్మకాలు మూడు నెలలకు కలిపి 330, వాటి మీద పోయే స్థూల లాభం 99. ఈ నష్టంలో యజమాని తప్పు లేదు, దుకాణదారు తప్పూ లేదు. కనుక 60 మాఫీ చేయమని అడిగి, మిగిలిన 39 దుకాణదారే భరించడం మర్యాదైన కోరిక. అంటే నెలకు 20 మాఫీ. మిగతా 30 ఏటా వచ్చే తగ్గుదలకు సంబంధించినది, దాన్ని వాయిదాగా అడగాలి. మూడు నెలలకు వాయిదా 90 అవుతుంది. దాన్ని ఆరు నెలల్లో నెలకు 15 చొప్పున, మామూలు అద్దెతో కలిపి 115గా కట్టవచ్చు.

యజమాని వైపు నుంచి చూస్తే, ఆయన ఏడాదికి 1200 రావలసిన చోట శాశ్వతంగా వదులుకునేది 60, అంటే 5 శాతం. మిగతాదంతా ఆలస్యంగానైనా ఆయనకు చేరుతుంది. ఉత్తరంలో ఆయన మొదట వెతికే అంకె ఇదే కాబట్టి దాన్ని ఆయనే లెక్కవేసుకోవలసిన అవసరం లేకుండా మీరే రాసి ఇవ్వండి.

బేరంలో ఎలాగూ తగ్గిస్తారు కదా, అవసరమైనదానికంటే ఎక్కువ అడిగితే మేలు కాదా?

కాదు. మీ అంకె వెనక లెక్క ఉన్నప్పుడు దాన్ని పెంచి రాయాలంటే లెక్కను కూడా పెంచి చూపించాలి. అంటే అమ్మకాలు తగ్గించి రాయాలి, లేదా ఖర్చులు పెంచి రాయాలి. యజమాని మీ దుకాణాన్ని రోజూ చూస్తుంటారు. ఒక్క అంకె నమ్మశక్యంగా లేకపోయినా ఉత్తరం మొత్తం మీద నమ్మకం పోతుంది. బేరానికి చోటు కావాలనుకుంటే అది మొత్తంలో కాదు, తిరిగి కట్టే గడువులో ఉంచుకోండి. ఆరు నెలల్లో తీరుస్తానని రాసి, మీరు అయిదు నెలలకు కూడా సిద్ధంగా ఉండవచ్చు.

వాయిదా పడిన అద్దెను గిరాకీ మొదలైన నెల నుంచే కడతానని రాయవచ్చా?

ఒక నెల ఆగి మొదలుపెట్టండి. గిరాకీ ముందు సరుకు కొనాలి, చేతిలో ఉన్న డబ్బంతా సరుకులోకి వెళుతుంది. అమ్మకాలు పెరిగిన మొదటి నెలలో పుస్తకం మీద లాభం కనిపించినా పెట్టెలో డబ్బు కనిపించదు. మొదటి వాయిదాయే తప్పితే, సర్దుబాటు మొత్తం దెబ్బతింటుంది. ఏప్రిల్‌లో పూర్తి అద్దె, మే నుంచి వాయిదా భాగం అని వేరువేరుగా రాస్తే ఈ చిక్కు రాదు.

యజమాని ఎందుకు ఒప్పుకోవాలి? ఆయనకు ఏమి చూపించాలి?

ఆయన ముందున్న మరో దారి దుకాణం ఖాళీ కావడం. అప్పుడు కొత్తవారు వచ్చేదాకా అద్దె రాదు, మధ్యవర్తికి కమిషన్ ఇవ్వాలి, గోడలకు సున్నం, చిన్నచిన్న మరమ్మతులు చేయించాలి. కొత్తవారు లోపల అలమరలు, కౌంటరు పెట్టుకోవడానికి ఒకటి రెండు నెలల అద్దె మినహాయింపు అడగడమూ మామూలే. రెండు నెలలు ఖాళీగా ఉన్నా 200 పోతుంది. మీరు అడుగుతున్న మాఫీ 60 అయితే, దానికి మూడు రెట్లకు పైగా ఇది. అయితే ఈ లెక్కను ఉత్తరంలో రాయకండి, రాస్తే బెదిరింపులా ఉంటుంది. దాన్ని ఆయన తనంతట తానే వేసుకుంటారు.

ఉత్తరంలో రాయవలసింది ఆయనకు కొత్తగా కలిగే మేలు. గడువు ముగియబోతుంటే ఇంకో ఏడాది పొడిగించడానికి మీరు సిద్ధమని చెప్పవచ్చు. ఆయన చేయించవలసిన చిన్న మరమ్మతు ఒకటి మీ ఖర్చుతో చేయిస్తానని చెప్పవచ్చు. ప్రతి నెలా అమ్మకాల లెక్క చూపిస్తాననీ, అమ్మకాలు గత ఏడాది స్థాయికి వస్తే మాఫీ భాగాన్ని కూడా తిరిగి కడతాననీ చెప్పవచ్చు. నా అనుభవంలో ఈ చివరి మాటకు ఉన్న బలం మరే మాటకూ లేదు. యజమానికి ఉండే అసలు భయం నష్టపోతామని కాదు, వ్యాపారం బాగానే సాగుతుండగా తనను మాత్రమే తగ్గించుకోమంటున్నారేమో అని.

## ఉత్తరం రాసేటప్పుడు

ఉత్తరాన్ని ఎలా మొదలుపెట్టాలి? కష్టాలు ముందు చెప్పాలా, కోరిక ముందు చెప్పాలా?

కోరికే ముందు. చదివేవారు మూడో వాక్యానికల్లా ఏ నెలలు, ఎంత, తిరిగి ఎప్పుడు అన్న మూడు సంగతులూ తెలుసుకోవాలి. కష్టాలతో పేజీ నింపి చివర అంకె రాస్తే, ఆ పేజీ అంతా ఎంత అడుగుతారో అన్న ఆందోళనతోనే చదువుతారు. ఇంట్లో అనారోగ్యం, పిల్లల ఫీజులు వంటివి రాయకండి. అవి నిజమే కావచ్చు, కానీ వాటికీ ఈ భవనానికీ సంబంధం లేదు. రోడ్డు తవ్వకానికి సంబంధం ఉంది. ఉత్తరం ఒక పేజీ దాటకుండా చూసుకుని, లెక్కలను వేరే కాగితం మీద జతచేయండి.

ఒక నమూనా ఉత్తరం చూపిస్తారా?

కింది నమూనాలో జనవరి నుంచి మార్చి దాకా సగం అద్దె అడుగుతున్నారు. తగ్గే సగంలో ఎక్కువ భాగం వాయిదా, కొంత మాఫీ. శాతాలు ఉన్నచోట మీరు శాతంతోపాటు అసలు మొత్తాన్ని కూడా రాయండి.

> తేదీ: నవంబరు 22
>
> గౌరవనీయులైన భవన యజమాని గారికి,
>
> విషయం: జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల అద్దెలో తాత్కాలిక సర్దుబాటు కోసం మనవి.
>
> నమస్కారం. మీ భవనం కింది అంతస్తులోని దుకాణాన్ని నేను నాలుగేళ్లుగా నడుపుతున్నాను. ఈ నెల వరకు అద్దె పూర్తిగా చెల్లించాను, బకాయి ఏమీ లేదు. రాబోయే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలకు మాత్రం నెల అద్దెలో 50 శాతం చెల్లించడానికి మీ అనుమతి కోరుతున్నాను. ఏప్రిల్ 1 నుంచి పూర్తి అద్దె చెల్లిస్తాను.
>
> తగ్గే 50 శాతంలో 30 శాతాన్ని వాయిదాగా భావించవలసిందిగా కోరుతున్నాను. ఆ మొత్తాన్ని మే నుంచి అక్టోబరు వరకు ఆరు నెలల్లో, నెలకు అద్దెలో 15 శాతం చొప్పున, మామూలు అద్దెతో కలిపి తీర్చివేస్తాను. మిగిలిన 20 శాతాన్ని మాఫీ చేయవలసిందిగా మనవి. ఈ మాఫీ మొత్తం ఏడాది అద్దెలో 5 శాతం అవుతుంది.
>
> ఈ మూడు నెలల్లో అమ్మకాలు ఏటా తగ్గుతాయి, ఆ భాగానికే వాయిదా కోరుతున్నాను. ఈ ఏడాది అదనంగా, అక్టోబరు చివర మొదలైన రోడ్డు పనుల వల్ల కొనుగోలుదారులు దుకాణం ముందు వాహనం నిలపలేకపోతున్నారు. నవంబరు మొదటి మూడు వారాల్లో అమ్మకాలు గత ఏడాది అదే కాలంతో పోలిస్తే 20 శాతం తగ్గాయి. ఈ నష్టంలో కొంత భాగానికే మాఫీ కోరుతున్నాను, మిగతాది నేనే భరిస్తాను. నెలవారీ అమ్మకాల పట్టిక, దుకాణం ముందు తీసిన రెండు ఫొటోలు జతచేశాను.
>
> ఈ మూడు నెలల అమ్మకాల లెక్క ప్రతి నెలా 5వ తేదీలోగా మీకు చూపిస్తాను. మూడు నెలల మొత్తం గత ఏడాది ఇవే నెలల మొత్తానికి సమానంగా వస్తే, మాఫీ చేసిన భాగాన్ని కూడా అదే ఆరు నెలల్లో చెల్లిస్తాను. ఒప్పందంలోని మిగతా షరతులన్నీ యథాతథంగా ఉంటాయి. ఈ సర్దుబాటు ఈ మూడు నెలలకే పరిమితమని, తర్వాతి సంవత్సరాలకు హక్కుగా అడగనని తెలియజేస్తున్నాను.
>
> మీకు వీలైన రోజున వచ్చి కలుస్తాను. డిసెంబరు 10లోగా మీ నిర్ణయం తెలియజేస్తే, అంగీకరించిన విషయాలను ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకం చేయవచ్చు.
>
> ఇట్లు,
> భవదీయుడు,
> (సంతకం)

నా లెక్కల పుస్తకం ఆయనకు చూపించాలా? లాభం ఎంతో తెలిస్తే రేపు అద్దె పెంచరా?

పుస్తకం మొత్తం ఇవ్వనవసరం లేదు. గత రెండేళ్ల నెలవారీ అమ్మకాల పట్టిక ఒక్కటి చాలు. అది పన్ను కోసం మీరు సమర్పించిన లెక్కలతో సరిపోవాలి, అడిగితే వాటిని చూపించడానికి సిద్ధంగా ఉండాలి. ఏ సరుకు మీద ఎంత మిగులుతుంది, ఎవరి దగ్గర కొంటారు అన్నవి మీ వ్యాపార రహస్యాలు, వాటి జోలికి వెళ్లనవసరం లేదు. అసలు మొత్తాలు చెప్పడానికి వెనకాడితే, ఏడాది సగటును 100గా తీసుకుని ప్రతి నెలనూ దానితో పోల్చి రాయవచ్చు. పై ఉదాహరణలో రాబోయే మూడు నెలల అంచనాలను 55, 50, 60 అని పక్కపక్కనే చూసినప్పుడు తగ్గుదల చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఒప్పుకోకపోతే ఖాళీ చేస్తానని రాయవచ్చా?

నిజంగా ఖాళీ చేయడానికి సిద్ధమై, కొత్త చోటు చూసుకుని, ఒప్పందంలోని నోటీసు గడువు పాటించగలిగితే తప్ప రాయకండి. ఒట్టి మాటగా రాసినా, దాన్ని ఖాళీ చేయడానికి ఇచ్చిన నోటీసుగా తీసుకుని యజమాని వేరేవారిని వెతకడం మొదలుపెట్టవచ్చు.

## ఉత్తరం ఇచ్చాక

ఇంకా జవాబు రాలేదు. తగ్గించిన అద్దె కట్టేయవచ్చా?

కట్టవద్దు. మీరు అడిగినంత మాత్రాన అద్దె తగ్గదు. ఒప్పుకోలు వచ్చేదాకా పాత అద్దే కట్టవలసినది, తక్కువ కడితే మిగతాది బకాయి. యజమాని తగ్గించిన మొత్తాన్ని మౌనంగా తీసుకున్నా అది అంగీకారమని మీరు అనుకోవడం, కాదని ఆయన అనుకోవడం తరచుగా జరుగుతుంది. ఆ బకాయి ఆధారంగానే ఒప్పందం రద్దు చేసే వీలు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. అడిగిన తేదీ దాటితే ఒకసారి ఫోను చేసి, మర్నాడు రెండు వాక్యాల చిన్న చీటీ పంపండి. నెల మొదలయ్యేలోగా తేలకపోతే ఆ నెల పూర్తి అద్దె కట్టి, తగ్గింపును తర్వాతి నెల నుంచి లెక్కించమని రాయండి. కష్టమే అయినా, అలా కట్టిన ఆ ఒక్క నెల మీ మాటకు విలువ పెంచుతుంది.

"గిరాకీ ఉన్న నెలల్లో బాగా మిగిలింది కదా, అందులోంచి కట్టండి" అంటున్నారు. ఏమి చెప్పాలి?

ఆ ప్రశ్న న్యాయమైనదే. నొచ్చుకోకుండా సమాధానం చెప్పండి. గిరాకీ ఉన్న నెలల్లో మిగిలిన డబ్బు ఎక్కడుందో చెప్పాలి. తర్వాతి సీజను సరుకులో ఎంత ఉంది, సరుకు ఇచ్చినవారికి ఎంత కట్టారు, అప్పు ఎంత తీరింది అన్నది ఒక చిన్న చీటీ మీద రాసి చూపించండి. ఆ తర్వాత, మీరు అడుగుతున్నదాంట్లో ఎక్కువ భాగం మాఫీ కాదు, వాయిదా అని గుర్తుచేయండి. నిజంగా డబ్బు చేతిలో ఉండి అడుగుతున్నట్లయితే మాత్రం ఈ ఉత్తరం ఇవ్వకపోవడమే మంచిది, ఎందుకంటే ఈ ప్రశ్న తప్పక వస్తుంది.

సగం కుదరదు, పావే తగ్గిస్తానంటున్నారు. ఒప్పుకోవాలా?

వెంటనే సరే అనకండి, కాదనీ అనకండి. ఆయన ఇచ్చిన అంకెను మీ నెలలవారీ లెక్కలో పెట్టి చూడండి. పై ఉదాహరణ ప్రకారం కట్టగలిగేది మూడు నెలల్లో వరుసగా 62, 50, 74 అనుకుంటే, ప్రతి నెలా 75 కట్టడం మొదటి రెండు నెలల్లో కుదరదు, మూడో నెలలో దాదాపు కుదురుతుంది. కనుక అన్ని నెలలకూ ఒకే తగ్గింపు బదులు 60, 50, 70 అని నెలకో మొత్తం ప్రతిపాదించండి. మూడు నెలలకు 180 అవుతుంది. ఆయన కోరిన 225కూ, సగం చొప్పున వచ్చే 150కీ మధ్య ఉన్న మొత్తమిది. దీనికి ఆధారం మీ లెక్కే కాబట్టి బేరంలా కాక సర్దుబాటులా ఉంటుంది. వాయిదా భాగం తగ్గినందువల్ల తర్వాత కట్టవలసిందీ తగ్గుతుంది.

తగ్గింపు బదులు అడ్వాన్సులోంచి మినహాయించుకుంటానంటున్నారు. మంచిదేనా?

చేతిలో డబ్బు లేని నెలలకు అది పనికివస్తుంది, కానీ అది తగ్గింపు కాదు, మీ డబ్బు మీరే వాడుకోవడం. అడ్వాన్సును మళ్లీ ఎప్పటిలోగా పూర్తిచేయాలో రాయించుకోకపోతే, ఖాళీ చేసేనాడు ఎంత తిరిగి రావాలన్నదాని మీద తగువు వస్తుంది.

## ఒప్పుకున్నాక

యజమాని సరే అన్నారు. ఇప్పుడు కాగితం మీద ఏమేమి ఉండాలి?

అర పేజీ చాలు. మూల ఒప్పందం తేదీ, తగ్గింపు వర్తించే నెలలు, ఆ నెలల్లో కట్టే మొత్తం, అందులో మాఫీ ఎంత, వాయిదా ఎంత, వాయిదా ఏ తేదీల్లో ఎంతెంత తీరుతుంది, పూర్తి అద్దె ఏ తేదీ నుంచి అన్నవి ఉండాలి. వాయిదా భాగం మీద వడ్డీ గానీ జరిమానా గానీ లేదని ఒక వాక్యం ఉండాలి. మిగతా షరతులేవీ మారలేదని ఒక వాక్యం యజమానికి భరోసా ఇస్తుంది. వాయిదా తీరకముందే ఎవరైనా ఒప్పందం ముగిస్తే మిగిలినది అడ్వాన్సులోంచి తీసుకోవచ్చా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. భవనం అమ్ముడుపోతే కొత్త యజమాని దీనికి కట్టుబడతారని రాయించుకోవడం మరచిపోకండి. ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. మూల ఒప్పందం రిజిస్టర్ అయినదైతే, మార్పుకూ అది అవసరమా అని స్థానిక న్యాయవాదిని అడగండి.

తగ్గించిన అద్దె కట్టినప్పుడు రసీదు ఎలా ఉండాలి?

"జనవరి అద్దె" అని మాత్రమే రాసిన రసీదు తర్వాత చిక్కు తెస్తుంది, సగమే కట్టినట్టు కనిపిస్తుంది. "జనవరి అద్దె, ఫలానా తేదీ సర్దుబాటు ప్రకారం పూర్తిగా ముట్టింది" అని రాయించుకోండి. బ్యాంకు ద్వారా కడితే వివరాల గడిలో ఇదే మాట క్లుప్తంగా రాయవచ్చు. మే నుంచి వాయిదా భాగాన్ని అద్దెతో ఒకే మొత్తంగా కట్టినా, రసీదులో రెంటినీ విడివిడిగా చూపించాలి.

ఏటా పెరిగే అద్దె ఏ మొత్తం మీద లెక్కిస్తారు?

మామూలు అద్దె మీదే. తగ్గించిన మొత్తం మీద పెంపు లెక్కించమని అడగడం న్యాయం కాదు. అలాగే వాయిదా కలిపి కడుతున్న 115 మీద పెంపు లెక్కించడమూ న్యాయం కాదు. పెంపు తేదీ వాయిదా నెలల మధ్యలో పడితే ఈ పొరపాటు తేలికగా జరుగుతుంది కాబట్టి, మూల అద్దె 100 అనే మాట మార్పు కాగితం మీద ఉండేటట్లు చూడండి.

వచ్చే ఏడాదీ ఇవే నెలల్లో ఇబ్బంది వస్తుంది. మళ్లీ ఉత్తరం రాయాలా?

ఏటా వచ్చే తగ్గుదలకు ఏటా ఉత్తరం రాయడం ఇద్దరికీ విసుగు. ఒప్పందం పొడిగించే సమయంలో ఏడాది మొత్తం అద్దెను మార్చకుండా, గిరాకీ లేని మూడు నెలలకు నెలకు 70, మిగతా తొమ్మిది నెలలకు నెలకు 110 అని రాసుకోవచ్చు. 210, 990 కలిపితే అదే 1200. యజమానికి ఒక్క రూకా తగ్గదు, ఎవరూ ఎవరినీ అడగవలసిన పని ఉండదు. అయితే ఈ ఏడాది వాయిదాలన్నీ తేదీ తప్పకుండా తీర్చాకే ఈ ప్రతిపాదన పెట్టండి. చివరి వాయిదా కట్టిన రసీదుతో వెళ్లి మాట్లాడటానికి అదే సరైన సమయం.